నిలువు ముక్కలా, అడ్డ పొరలా? పని బోర్డు చెప్పే లెక్క

సాఫ్ట్‌వేర్ తయారుచేసే బృందాలు తమ పనిని ఒక బోర్డు మీద పెట్టుకుంటాయి. అది గోడకు అంటించిన రంగు చీటీల వరుస కావచ్చు, జిరా, ట్రెల్లో వంటి తెర మీది బోర్డు కావచ్చు. అమరిక మాత్రం దాదాపు ఒకటే. ఎడమ గడిలో చేయాల్సిన పనులు, మధ్య గడిలో జరుగుతున్నవి, కుడివైపు చివరి గడిలో అయిపోయినవి ఉంటాయి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. పని సాగేకొద్దీ కార్డు ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. వారం చివర ‘ఎంతవరకు వచ్చింది?’ అని ఎవరైనా అడిగితే, చివరి గడిలోని కార్డులు లెక్కపెట్టి, మొత్తం కార్డులతో భాగించి, ఒక శాతం చెబుతారు.

ఆ లెక్కలో తప్పుండదు. తప్పంటూ ఉంటే అది అంతకుముందే, పనిని కార్డులుగా కోసిన తీరులో ఉంటుంది. ఒకే పనిని రెండు రకాలుగా కోయవచ్చు. ఒక రకంగా కోస్తే బోర్డు మీది శాతం ‘ఇంతమేర వాడుకోవచ్చు’ అని చెబుతుంది. ఇంకో రకంగా కోస్తే ‘ఇంత శ్రమ జరిగింది’ అని మాత్రమే చెబుతుంది. రెండూ కాగితం మీద ఒకేలాంటి అంకెలు. అందుకే డబ్బు పెట్టినవాళ్లు, గడువు ప్రకటించాల్సినవాళ్లు రెండోదాన్ని చూసి మొదటిదనుకుంటారు.

పొరలు ఎక్కడివి?

మామూలు సాఫ్ట్‌వేర్ కొన్ని పొరలుగా ఉంటుంది. పైన, వాడేవారికి కనిపించే తెర. దాన్ని ఫ్రంటెండ్ అంటారు. దాని కింద లెక్కలు కట్టే, నియమాలు అమలుచేసే భాగం బ్యాకెండ్. అడుగున వివరాలన్నీ దాచే డేటాబేస్. వీటికి తోడు ప్రింటరు, బ్యాంకు, కొలత యంత్రం వంటి బయటివాటితో కలిపే భాగాలు. ఒక పొర మరో పొరను ఏమడగాలి, అది ఏ రూపంలో జవాబివ్వాలి అన్న ఒప్పందమే ఏపీఐ.

పనిని పొర పొరగా కోయడమంటే ముందు డేటాబేస్ మొత్తం, తర్వాత నియమాలన్నీ, ఆ తర్వాత బయటి అనుసంధానాలు, చివరికి తెరలన్నీ చేసుకుంటూ పోవడం. ప్రతి కార్డూ ఒక పొరలోని ఒక భాగం. పనిచేసేవాళ్లకు ఇది సహజంగా తోస్తుంది. డేటాబేస్ తెలిసిన మనిషి డేటాబేస్ కార్డులు తీసుకుంటాడు, తెరలు చేసే అమ్మాయి తెరల కార్డులు తీసుకుంటుంది, ఎవరి పని ఎంతో వాళ్లు అంచనా కట్టగలుగుతారు. సంస్థల్లో విభాగాలు కూడా ఈ పొరల ప్రకారమే ఉంటాయి. ఏ సంస్థ రూపొందించే వ్యవస్థ అయినా ఆ సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. కార్డుల విషయంలోనూ అదే జరుగుతుంది. నాలుగు విభాగాలుంటే కార్డులు నాలుగు కట్టలవుతాయి.

నిలువుగా కోయడంలో దారి వేరు. వాడే మనిషి ఆ సాఫ్ట్‌వేర్‌తో పూర్తిచేసుకోగల ఒక చిన్న పనిని తీసుకుంటారు. ఆ ఒక్క పనికి తెరలో ఎంత కావాలో అంత, నియమాల్లో ఎంత కావాలో అంత, డేటాబేస్‌లో ఎంత కావాలో అంత మాత్రమే కట్టి, కలిపి, నడిపి చూపిస్తారు. అదంతా కలిసి ఒకే కార్డు. దీన్నే వృత్తిలో ‘వర్టికల్ స్లైస్’ అంటారు.

ఒక పాల కేంద్రం, రెండు బోర్డులు

ఒక ఊరి పాల సేకరణ కేంద్రానికి సాఫ్ట్‌వేర్ కావాలనుకుందాం. పాడి రైతులు ఉదయం, సాయంత్రం రెండు పూటలా పాలు పోస్తారు. పరిమాణం, వెన్న శాతం చూసి, ధర పట్టిక ప్రకారం లెక్కకట్టి రైతుకు చీటీ ఇవ్వాలి. పదిహేను రోజులకోసారి బిల్లు తయారుచేసి, దాణా కింద ఇచ్చిన బాకీ మినహాయించి, మిగతా సొమ్ము బ్యాంకు ఖాతాలో వేయాలి. నలుగురి బృందం, 12 వారాల గడువు. అంకెలన్నీ ఉదాహరణకు అనుకున్నవే గానీ, ఇందులో ఎదురయ్యే చిక్కులు ఇలాంటి పనుల్లో మామూలుగా వచ్చేవే.

పొరల పద్ధతిలో బోర్డు మీద 24 కార్డులు పెట్టారనుకుందాం. డేటాబేస్‌కు 6, నియమాలకు 8, యంత్రం, ప్రింటరు, బ్యాంకు వంటి అనుసంధానాలకు 4, తెరలకు 6. రెండో వారం ముగిసేసరికి డేటాబేస్ కార్డులు ఆరూ చివరి గడి చేరాయి. బోర్డు 25 శాతం అంటుంది. అయిదో వారానికి నియమాలు కూడా పూర్తయి 14 కార్డులు, అంటే 58 శాతం. ఆరో వారానికి 16 కార్డులు, 67 శాతం. ఏడో వారానికి 18, అంటే 75. పదో వారం చివర తెరలు కూడా అయిపోయి 24కు 24, నూటికి నూరు. మిగిలిన రెండు వారాలు అన్నిటినీ కలపడానికి, అంటే ఇంటిగ్రేషన్‌కు, కేటాయించారు. గీత గీసి చూస్తే మెట్టు తర్వాత మెట్టుగా ఎక్కుతూ ముచ్చటగా ఉంటుంది.

పదకొండో వారంలో మొదటిసారి మొత్తం కలిపి, నిజమైన రైతు పేరుతో, నిజమైన యంత్రంతో నడిపారు. అప్పుడు బయటపడే విషయాలు ఇలా ఉంటాయి. కేంద్రంలోని కొలత లీటర్లలో వస్తుంది. డెయిరీ పంపిన ధర పట్టిక కిలోలకు. పాలు నీటికంటే కాస్త బరువు, లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. డేటాబేస్ చేసినవాళ్లు ‘పరిమాణం’ అనే గడిలో లీటర్లు ఉంటాయనుకున్నారు. నియమాలు రాసినవాళ్లు అదే గడిలో కిలోలు ఉంటాయనుకున్నారు. ఎవరి పరీక్షలో వాళ్లు నెగ్గారు, ఎందుకంటే పరీక్ష కోసం పెట్టుకున్న నకిలీ అంకెలు ఎవరి ఊహకు తగ్గట్టు వాళ్లవి. కలిపి నడిపాక, పది లీటర్లు పోసిన రైతుకు కిలో 60 రూపాయల చొప్పున 618 రావాల్సింది 600 వచ్చింది. పూటకు 18 రూపాయలు ఒక్క రైతుకే తేడా.

అది ఒకటి. డేటాబేస్‌లో రైతు సంఖ్య, తేదీ కలిపి ఒక నమోదును గుర్తించేలా కట్టారు. పూట అన్న మాటే అందులో లేదు. దాంతో సాయంత్రం పాలు పోయగానే ఉదయం నమోదు చెరిగిపోతోంది. మూడోది, చిన్న చీటీ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు తెలియవు. రైతు పేరు రావాల్సిన చోట ప్రశ్న గుర్తులు పడ్డాయి. పేరును బొమ్మగా మార్చి పంపితే తప్ప అచ్చు కాదు, అలా పంపాలంటే చీటీ తయారయ్యే తీరే మారాలి.

ఈ మూడు చిక్కుల్లో ఏ ఒక్కటీ ఒకే పొరలో తేలిపోయేది కాదు. పూట కలపాలంటే డేటాబేస్ మారాలి, దాన్నిబట్టి నియమాలు మారాలి, తెరలో పూట చూపే గడి రావాలి, బిల్లు లెక్క మారాలి. బృందం 11 కొత్త కార్డులు రాసుకుందనుకుందాం. ఇప్పుడు బోర్డు మీద 35 కార్డులు, అయినవి 24. నిన్న నూరు శాతం ఉన్న పని ఈరోజు 69 శాతానికి దిగింది. పదకొండో వారంలో తెలిసిన ఈ సంగతి నిజానికి రెండో వారం నుంచీ ఉన్నదే. దాన్ని చూపించే చోటు బోర్డు మీద లేదు.

ఇదే పనిని నిలువుగా కోస్తే పది ముక్కలు వచ్చాయనుకుందాం. మొదటి ముక్క: ఒక రైతు, ఒక పూట, పరిమాణం, వెన్న శాతం చేత్తో కొడితే సొమ్ము తెర మీద కనిపించాలి, నమోదు భద్రమవ్వాలి. యంత్రం లేదు, చీటీ లేదు, ధర కూడా ఒక్కటే. రెండో ముక్క: ఆ నమోదుకు చీటీ అచ్చవ్వాలి. మూడోది: రెండు పూటలు, ఆవుపాలకు, గేదెపాలకు వేర్వేరు ధర పట్టికలు. నాలుగోది: పరీక్ష యంత్రం నుంచి అంకెలు నేరుగా రావాలి. తర్వాత తప్పుగా పడిన నమోదును కార్యదర్శి అనుమతితో దిద్దడం, పదిహేను రోజుల బిల్లు, దాణా బాకీ మినహాయింపు, బ్యాంకుకు పంపే జాబితా, నెట్‌వర్క్ లేనప్పుడు కూడా నమోదు సాగడం, డెయిరీకి నెలవారీ నివేదిక.

మొదటి ముక్కకే మూడు వారాలు పట్టింది. కంప్యూటరు ఏర్పాటు, సర్వరు, డేటాబేస్, పరీక్షలు నడిపే యంత్రాంగం, అన్నీ తొలిసారి కలవాలి కాబట్టి అది సహజమే. ఇలా సన్నగా అయినా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచే మొదటి రూపానికి అలిస్టర్ కాక్‌బర్న్ ‘నడిచే అస్థిపంజరం’ అని పేరు పెట్టాడు. మూడో వారం చివర ఈ బోర్డు చెప్పేది 10 శాతం. అదే రోజు పొరల బోర్డు మీద 9 కార్డులు అయి 37 శాతం దాటింది. రెండు బోర్డుల్నీ పక్కపక్కన చూసిన అధికారి ఎవరిని మెచ్చుకుంటాడో ఊహించడం కష్టం కాదు. నిలువు పద్ధతి మొదలుపెట్టిన బృందానికి దాన్ని వదిలేయాలనిపించేది ఇలాంటప్పుడే.

కానీ ఆ 10 శాతం వెనక ఉన్నదేమిటో చూడాలి. కేంద్రం కార్యదర్శి ముందు కూర్చుని మొదటి ముక్కను నడిపినప్పుడే ‘ఇది లీటరా, కిలోనా?’ అని ఆయన అడిగాడు. డేటాబేస్‌లో అప్పటికి ఉన్నవి రెండే పట్టికలు. మార్చడానికి ఒక పూట పట్టింది. రెండో ముక్కలో ప్రింటరు సంగతి, మూడో ముక్కలో పూటల సంగతి తేలాయి. పదకొండో వారంలో ఒక్కసారిగా మీద పడిన చిక్కులే ఇక్కడ మూడు, నాలుగు, అయిదో వారాల్లో ఒక్కొక్కటిగా, చిన్నగా ఉన్నప్పుడే వచ్చాయి. ఆరో వారం చివరికి నాలుగు ముక్కలు పూర్తయ్యాయి, అంటే 40 శాతం. పొరల బోర్డు అప్పటికి 67 చూపిస్తోంది.

సరిగ్గా ఆ ఆరో వారంలో డబ్బు ఆగిపోయిందనుకుందాం. 67 శాతం దగ్గర ఆగిన పనితో ఏ ఒక్క రైతూ పాలు పోయలేడు, ఎందుకంటే తెర లేదు. 40 శాతం దగ్గర ఆగిన పనితో కేంద్రం రెండు పూటలా పాలు తీసుకుని, యంత్రం చెప్పిన అంకెతో చీటీ ఇవ్వగలదు. పదిహేను రోజుల బిల్లు మాత్రం ఎప్పట్లా పుస్తకంలో వేసుకోవాలి. బోర్డు చెప్పే శాతాన్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు: ‘ఇక్కడే ఆపేస్తే చేతిలో ఏం మిగులుతుంది?’

కనపడని పెండింగు

పొరల బోర్డులో మరో లోపం ఉంది. ఇది మొదటిదానికంటే తక్కువగా గమనించేది, ఎక్కువ నష్టం చేసేది. ఆరో వారంలో ఆ బోర్డు మధ్య గడిలో రెండో మూడో కార్డులుంటాయి. చూసినవాళ్లకు ‘ఒకేసారి ఎక్కువ పనులు పెట్టుకోలేదు, క్రమశిక్షణగా ఉన్నారు’ అనిపిస్తుంది. కానీ వాడే మనిషి వైపు నుంచి లెక్కపెడితే పాలు నమోదు చేయడం, చీటీ, బిల్లు, బ్యాంకు, నివేదిక, మొత్తం పది పనులూ మొదటి వారంలోనే మొదలయ్యాయి. ప్రతిదానికీ డేటాబేస్ ముక్క తయారైంది. ఏదీ పూర్తి కాలేదు. అంటే నిజంగా మధ్య గడిలో ఉన్నవి పది. పన్నెండు వారాల పొడుగునా పదీ అక్కడే ఉంటాయి.

ఒక వరుసలో సగటున ఎన్ని పనులున్నాయి, ఎంత వేగంతో పూర్తవుతున్నాయి, ఒక్కో పనికి ఎంతకాలం పడుతోంది అన్న మూడింటి మధ్య ఉన్న సంబంధాన్ని జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించాడు. నడుస్తున్న పనుల సంఖ్యను, పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. మధ్య గడిలో నాలుగు ముక్కలుండి, వారానికి రెండు పూర్తవుతుంటే ఒక్కోదానికి రెండు వారాలు. ఈ లెక్క మీద ఆధారపడే బోర్డులు మధ్య గడిలో ఇన్ని కార్డులకంటే ఎక్కువ ఉండకూడదని హద్దు పెడతాయి. కార్డులు పొరల ముక్కలైతే ఆ హద్దు కాగితం మీదే నిలుస్తుంది. ‘డేటాబేస్: బిల్లు పట్టిక’ అన్న కార్డు చివరి గడికి వెళ్లిపోయింది కాబట్టి బిల్లు పని మధ్య గడిలో లేదని బోర్డు నమ్ముతుంది. బిల్లు మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు.

దీనికి ఫలితంగా గడువు అంచనా కూడా చెడుతుంది. నిలువు బోర్డులో మొదటి ముక్క తర్వాత వారానికి ఒకటి చొప్పున మూడు ముక్కలు వచ్చాయి. మిగిలినవి ఆరు. ఇదే వేగం ఉంటే ఇంకా ఆరు వారాలు, పన్నెండో వారానికి పూర్తి. వేగం తగ్గి మూడు వారాలకు రెండే వస్తున్నాయంటే ఆరు ముక్కలకు తొమ్మిది వారాలు పడుతుందని సగం దారిలోనే తెలుస్తుంది. అప్పుడు డెయిరీ నివేదికను వెనక్కి నెట్టాలా, గడువు పెంచాలా అని నిర్ణయించుకునే వెసులుబాటు ఉంటుంది. ఈ అంచనా నిలబడటానికి కారణం, అయిన ముక్కల్లోనూ మిగిలిన ముక్కల్లోనూ ఒకే రకం శ్రమ ఉండటం: కట్టడం, కలపడం, పరీక్షించడం, వాడేవారికి చూపించడం. పొరల బోర్డులో గతం అంతా కట్టడమే, భవిష్యత్తు అంతా కలపడం. కట్టిన వేగాన్ని చూసి కలిపే వేగం చెప్పడానికి ఆధారమే లేదు.

అమెరికాలో 2013 అక్టోబరు 1

పొరలు విడివిడిగా సిద్ధమై, కలవడం చివరికి మిగిలితే ఏం జరుగుతుందో ప్రపంచమంతా చూసిన సందర్భం ఒకటుంది. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కొనుగోలు కోసం HealthCare.gov అనే సైటును 2013 అక్టోబరు 1న తెరిచింది. పనిని నడిపింది సీఎంఎస్ అనే కేంద్ర సంస్థ. ప్రధాన భాగం సీజీఐ ఫెడరల్ అనే కంపెనీది. ప్రభుత్వ శాఖల నుంచి వివరాలు తెచ్చే భాగాన్నీ, ఖాతా నమోదు సాధనాన్నీ క్యూఎస్‌ఎస్‌ఐ అనే మరో కంపెనీ చేసింది. ఇంకా డజన్లకొద్దీ కాంట్రాక్టులున్నాయి.

అక్కడ ఒక మనిషి చేయాల్సిన పని చెప్పుకుంటే చిన్నదే: ఖాతా తెరవాలి, గుర్తింపు నిరూపించుకోవాలి, ఆదాయ వివరాలు సరిచూపించుకోవాలి, సబ్సిడీ ఎంతో తెలుసుకోవాలి, బీమా ఎంచుకోవాలి, ఆ సమాచారం బీమా కంపెనీకి చేరాలి. ఇది నిలువుగా అన్ని భాగాల గుండా వెళ్లే దారి. ఆ దారిని మొదటి నుంచి చివరి దాకా నడిపి చూసే పరీక్షలు సైటు తెరవడానికి చివరి రెండు వారాల్లోనే జరిగాయని కాంట్రాక్టర్లు అక్టోబరు 24న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు చెప్పారు. అలాంటి పరీక్షలకు సమయం చాలదన్న హెచ్చరిక అదే ఏడాది వసంతకాలంలో బయటి సలహాదారుల నివేదికలో కూడా ఉంది.

సైటు తెరిచిన రోజు లక్షలాదిమంది వచ్చారు. బీమా ఎంచుకోవడం పూర్తిచేయగలిగింది ఆరుగురు. ఖాతా తెరిచే మెట్టు దగ్గరే జనం ఇరుక్కుపోయారు. అది దాటినవారి వివరాలు కొన్ని బీమా కంపెనీలకు తప్పులతో చేరాయి. నవంబరులో ఒక అధికారి సాక్ష్యం చెబుతూ వ్యవస్థలో 30 నుంచి 40 శాతం ఇంకా కట్టాల్సే ఉందన్నాడు. అందులో బీమా కంపెనీలకు సొమ్ము చెల్లించే భాగం ఉంది. ప్రత్యేక బృందాన్ని దింపి రేయింబవళ్లు పనిచేశాక నవంబరు ముగిసేసరికి సైటు చాలామందికి పనిచేసే స్థితికి వచ్చింది.

ఆ వైఫల్యానికి కారణం ఇదొక్కటే కాదు. నియమాలు ఆలస్యంగా ఖరారయ్యాయి, బాధ్యత ఎవరిదో స్పష్టత లేదు, జనం తాకిడికి సరిపడే సామర్థ్యం లేదు. అయితే ఒక కుటుంబం, ఒక రాష్ట్రం, ఒక బీమా అన్న సన్నని దారిని ఆర్నెల్ల ముందే నడిపి ఉంటే ఖాతా మెట్టూ, బీమా కంపెనీకి చేరే వివరాల్లోని తప్పులూ అప్పుడే కనిపించేవి. కంపెనీలు తమ తమ భాగాల గురించి ఇచ్చిన హామీలను పక్కపక్కన పేర్చినంత మాత్రాన ఆ దారి సిద్ధమైందని తెలియదు.

పేరుకు మాత్రమే నిలువు

నిలువుగా కోస్తున్నామని చెప్పే బోర్డుల్లోనూ పొరలు దొంగచాటుగా చేరతాయి. ‘రైతుగా నాకు బిల్లు పట్టిక కావాలి’ అన్న తరహాలో రాసిన కార్డు వాక్యం చూస్తే వాడేవారి వైపు నుంచి రాసినట్టే ఉంటుంది, లోపల ఉన్నది డేటాబేస్ పనే. ఇంకో రకం, ఒకే ముక్కను ‘బిల్లు – బ్యాకెండ్’, ‘బిల్లు – ఫ్రంటెండ్’ అని రెండు కార్డులు చేసి, మొదటిదాన్ని ఈ రెండు వారాల్లో, రెండోదాన్ని వచ్చే రెండు వారాల్లో పెట్టడం. మూడో రకం, తెర మాత్రం సిద్ధమై వెనక నకిలీ అంకెలు చూపించే డెమో. దీన్ని గుర్తుపట్టడం సులువు. డెమోలో కొత్త రైతు పేరు కొట్టి, తెర మూసి, మళ్లీ తెరిచి ఆ పేరు ఉందేమో చూడమంటే చాలు.

ముక్క మరీ పెద్దదైనా ఇబ్బందే. ‘బిల్లింగ్’ అన్న ఒక్క కార్డు అయిదు వారాలు మధ్య గడిలో కూర్చుంటే, అది నిలువుదే అయినా అయిదు వారాలపాటు బోర్డు ఏమీ చెప్పదు. అలాంటప్పుడు పొరల వెంబడి కాకుండా సందర్భాల వెంబడి కోయాలి. బాకీ లేని రైతు బిల్లు ఒకటి. దాణా బాకీ ఉన్న రైతు బిల్లు రెండోది. బాకీ బిల్లు సొమ్ముకంటే ఎక్కువైన రైతు సంగతి మూడోది. ప్రతిదీ చివరిదాకా నడిచి చూపించేదే. మొదటి ముక్కలో ఏది వదిలేశామో కార్డు మీదే రాసిపెట్టుకోవాలి. లేకపోతే మూడో రకం రైతు మరుగున పడిపోతాడు.

పొరల పనులు బొత్తిగా ఉండకూడదని కాదు. పాత వ్యవస్థలోని ఏళ్లనాటి నమోదుల్ని కొత్త డేటాబేస్‌లోకి మార్చడం, సర్వరు భద్రతను కట్టుదిట్టం చేయడం, ఒక డేటాబేస్ నుంచి మరోదానికి తరలడం వంటివి స్వభావరీత్యా ఒక పొరకు చెందినవే. వాటిని బలవంతంగా వాడేవారి కథగా రాస్తే బోర్డు మళ్లీ అబద్ధమే చెబుతుంది. అవి విడిగా, వేరే రంగు కార్డులుగా ఉండి, ప్రగతి శాతంలో కలవకుండా ఉంటే సరిపోతుంది. పనిచేసేవాళ్ల సౌకర్యానికి కూడా పొరలు అవసరమే. ఒక నిలువు కార్డు లోపల ‘పట్టిక, నియమం, తెర, పరీక్ష’ అని చిన్న జాబితా రాసుకుని ఒక్కొక్కటి కొట్టేసుకోవచ్చు. ఆ జాబితా బృందం రోజువారీ పనికి. బయటివాళ్లకు చెప్పే అంకెలో అది రాకూడదు.

నిలువు పద్ధతికి ఖర్చు ఉంది, దాన్ని దాచకూడదు. మొదటి ముక్క కోసం కట్టిన పట్టికను మూడో ముక్కలో మార్చాల్సి వస్తుంది, అంటే కొంత పని రెండుసార్లు జరుగుతుంది. ముందే మొత్తం ఆలోచించి కడితే ఈ ఖర్చు ఉండదని అనుభవజ్ఞులు వాదిస్తారు, కొన్నిచోట్ల ఆ వాదన సరైనదే. ఇరవై చోట్ల అదే రకం వ్యవస్థ కట్టి, ధర పట్టిక నుంచి ప్రింటరు దాకా అన్నీ తెలిసిన బృందానికి పొరల పద్ధతి వేగంగానే సాగవచ్చు. తెలియనివి ఎక్కువ ఉన్నచోటే తేడా పెద్దది. మనుషుల అమరిక కూడా మారాలి. డేటాబేస్ విభాగం ఒక నగరంలో, తెరల విభాగం మరో నగరంలో, మధ్యలో వారానికోసారి సమావేశం ఉన్నచోట ఒక్క ముక్క పూర్తవడానికి నెల పడుతుంది. హైదరాబాద్ కార్యాలయాల్లో బ్యాకెండ్ బృందం ఉండి, ఫ్రంటెండ్ బృందం వేరే దేశంలో ఉన్న ప్రాజెక్టుల్లో ఈ కష్టం రోజూ కనిపించేదే. కార్డులు నిలువుగా రాసి, మనుషుల్ని పొరలుగా ఉంచితే ప్రతి కార్డూ మధ్య గడిలో ఆగి మరో బృందం కోసం ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు కనీసం బోర్డు మీద కనబడటం ఒక మేలు. పొరల బోర్డులో అదీ కనబడదు.

పూర్తయిందంటే ఏమిటో ముందే రాసుకోవడం కూడా ఇందులో భాగమే. పాల కేంద్రం ఉదాహరణలో ‘అయిపోయింది’ అన్న గడికి అర్థం: కేంద్రంలోని కంప్యూటరు మీద, కేంద్రంలోని యంత్రంతో, కార్యదర్శి తన చేతులతో ఒక పూట నడిపాడు. ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో నడవడం చాలదు. ఈ నిబంధన పెట్టగానే చివరి గడిలోని కార్డులు కొన్ని వెనక్కి వస్తాయి, శాతం తగ్గుతుంది. ఆ తగ్గినదే సరైన అంకె. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో పదిహేడుమంది సాఫ్ట్‌వేర్ నిపుణులు చేరి రాసిన అజైల్ ప్రకటన సూత్రాల్లో ప్రగతికి ప్రధాన కొలమానంగా పెట్టింది కూడా పనిచేసే సాఫ్ట్‌వేర్‌నే.

నిలువు బోర్డు చెప్పే శాతానికీ హద్దులున్నాయి. పది ముక్కలూ సమానం కావు. నెట్‌వర్క్ లేకుండా నడిచే ముక్క మిగతావాటికి మూడింతలు కావచ్చు. మిగిలిన నాలుగు ముక్కల్లో ఆ పెద్దదీ, బ్యాంకుదీ ఉంటే 60 శాతం అన్న మాట ఆశ పుట్టించినంత పని జరగలేదన్నమాటే. అందుకే కష్టమైన ముక్కను చివరికి నెట్టకూడదు. దాన్నే సన్నగా కోసి, ఒక రైతు నమోదు నెట్‌వర్క్ లేనప్పుడు నిలిచి, వచ్చాక చేరితే చాలన్నంత చిన్నదిగా చేసి, రెండో మూడో స్థానంలో పెట్టాలి. శాతం చెప్పేకంటే పూర్తయిన ముక్కల పేర్లూ, మిగిలినవాటి పేర్లూ చదివి వినిపించడం ఇంకా నయం. ‘చీటీ వస్తోంది, బిల్లు రావడం లేదు’ అన్న మాట కార్యదర్శికి ‘40 శాతం’ కంటే బాగా అర్థమవుతుంది.

సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్న సహకార సంఘమైనా, బడి అయినా, ఆసుపత్రి అయినా, మూడో వారంలోనే బోర్డు దగ్గరికి వెళ్లి చివరి గడిలోంచి తమకు నచ్చిన ఒక కార్డు తీసి ‘దీన్ని మా మనిషితో, మా యంత్రం మీద నడిపించండి’ అని అడగాలి. నడిస్తే ఆ బోర్డు చెప్పే అంకెను నమ్మవచ్చు. ‘అది డేటాబేస్ పనండీ, ఇప్పుడే చూపించలేం’ అని జవాబొస్తే, మిగతా కార్డులన్నీ ఏ పొరవో అడిగి, మొదటి నిలువు ముక్క ఎప్పుడు నడుస్తుందో తేదీ రాయించుకోవాలి.